ఎండు నెత్తళ్ల గంప, ఇద్దరు సాక్షులు

నాకు కోపం ఎక్కువని మా కాలేజీలో అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ తెలుసు. విజయనగరంలో రిటైరయ్యేదాకా లా పాఠాలు చెప్పాను. అందులోనూ ముస్లిం లా. రామతీర్థం కొండ మీద దేవుడి ముందు తరతరాలుగా పాడుతున్న ఇంట్లో పుట్టిన లక్ష్మీకామేశ్వరికి ఈ సబ్జెక్టేమిటని మొదట్లో నవ్విన వాళ్లుండేవారు. నా పేపరు రాసి, మార్కులు చూసుకున్నాక వాళ్లలో ఎవరూ నవ్వలేదు.

అలా నా పేపరు ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కిన పిల్ల భారతి. శ్రీకాకుళం జిల్లాలో గుల్లలపేట అనే సముద్రపు ఒడ్డు పల్లెకి మొట్టమొదటి వకీలు. రెండు వేల పదిహేడులో, దసరా వెళ్లిన తరువాత, ఒకరోజు పొద్దున్నే ఫోను చేసింది.

"మేడమ్, మా ఊళ్లో ఒకాయన చెయ్యి నరికేస్తన్నారు. మీరు అర్జెంటుగా రావాలి."

"చెయ్యి నరికేస్తుంటే నేనెందుకే? పోలీసుల్ని పిలు."

"పిలిచాను మేడమ్. మంత్రిగారి టూరుంది, అయిపోగానే వస్తామన్నారు. వీళ్లు భోజనాలకి ముందే కానిచ్చేద్దామంటన్నారు."

"ఏ చట్టం కింద నరుకుతారట?"

"మీరు చెప్పిన చట్టమే మేడమ్. నేను తప్పాను చూడండి, ఆ పేపరు."

విజయనగరంలోనే కారొకటి మాట్లాడి పంపించింది. దారిలో ఫోనులోనే సంగతంతా చెప్పింది. వాళ్ల ఊరి బాబీ గల్ఫులో వెల్డింగు పని చేసి తిరిగొచ్చాడు. వచ్చిన నెలలోనే అతని పడవ ఇంజను పంకా ఎవరో విప్పుకుపోయారు. ఆ మంటలో బాబీ ఊరందర్నీ కూర్చోబెట్టి, అక్కడైతే దొంగకి చెయ్యి ఉండదనీ, బంగారం కొట్టు తలుపులు బార్లా తీసి నమాజుకి వెళ్లిపోతారనీ చెప్పాడు. ఊరికి ఆ మాట తెగ నచ్చింది. గంగమ్మ పండగనాడు ఊరి పెద్ద నరసింగరావు అందరి చేతా పెద్ద వల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాడు. ఇకమీదట గుల్లలపేటలో దొంగతనం చేసిన వాడికి ఆ చట్టం ఎలా చెబితే అలా, అక్షరం మార్చకుండా.

గుల్లలపేటలో వల మీద వేసిన ఒట్టు వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. తమ్ముడితో మాట్లాడనని వల మీద ఒట్టేసిన ఒకాయన, ఇప్పటికీ తమ్ముడికి చెప్పాల్సిందంతా తన మేకకి చెబుతాడట. తమ్ముడు పక్కన నిలబడి విని వెళ్తాడట. అలాంటి ఊరు.

ఆ ఒట్టుకి మొదట దొరికినవాడు గంగులు. భారతికి పెదనాన్న వరస. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. ముందురోజు మరిడమ్మ అనే ఆవిడది, నెత్తళ్లనే చిన్న ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పోతూ బాబీ కంటపడ్డాడు.

నేను వెళ్లేసరికి ఊరంతా తుఫాను షెల్టరు కింద చేరింది. స్తంభాల మీద కట్టిన బిల్డింగు కదా, కింద నీడ బాగుంటుంది. మధ్యలో ఒక బల్ల, దాని మీద సాక్ష్యంగా నెత్తళ్ల గంప. బల్ల పక్కన పెద్ద పెద్ద వంజరం చేపల్ని ముక్కలు చేసే దుంగ, దాని మీద కత్తి. దుంగకి అవతల ఆర్ఎంపీ డాక్టరు రాముడు దూది, డెట్టాలు సర్దుకుని కూర్చున్నాడు. రోడ్డు మీద ఆటో ఒకటి, నరికిన వెంటనే శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్లడానికి. ఇన్ని ఏర్పాట్లు చేసిన వాళ్లకి అసలు నరకడమెందుకన్న ఆలోచన రాకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

దుంగ పక్కన గంగులు నిలబడి ఉన్నాడు. ఎండిపోయిన మనిషి. నోట్లో తువ్వాలు కరుచుకుని ఉన్నాడు.

"అదేమిటి?" అన్నాను.

"మా ఊరి పద్ధతి మేడమ్," అంది భారతి. "నేరం మోపిన దగ్గర్నుంచి మనిషి తువ్వాలు కరుచుకోవాలి. తిండికి తీసినా, పెద్ద అడిగేదాకా నోరెత్తకూడదు. పూర్వం తిట్లు ఎక్కువైపోయి తలకాయలు పగిలేవంట, అందుకని పెట్టారు."

నరసింగరావు నన్ను స్తంభం చాటుకి తీసుకెళ్లాడు. భారీ మనిషి.

"అమ్మగారూ, గంగులూ నానూ సిన్నప్పట్నించి ఒకే పడవ. నా సేత్తోనే ఆడి సెయ్యి తియ్యమంటన్నారు. ఒట్టు తప్పితే గంగమ్మ ఊరుకోదు, తప్పకపోతే నాను బతకను. అచ్చరం మార్సకుండా ఆ సట్టం నడపాల. అందులో ఏటైనా దారి ఉన్నాదా?"

"మీ అందరికీ జైలు దారి మాత్రం ఉంది. చెయ్యి నరికితే ఎన్నేళ్లు పడుతుందో తెలుసా?"

"జైలుకెల్తాం. ఒట్టు తప్పం."

ఇంక వాదించి లాభం లేదని తెలిసిపోయింది. పోలీసులు వచ్చేదాకా ఆ కత్తి దుంగ మీదనే ఉండేలా చూడాలి. ముప్ఫై ఏళ్ల పాఠం ఒక్క పూటలో మళ్లీ చెప్పడానికి కొంగు బిగించాను.

బల్ల వెనక కుర్చీ వేశారు. కూర్చోలేదు. "ముందు ఒక మాట. ఈ శిక్ష వెయ్యాల్సింది రాజు, లేదా రాజు పెట్టిన కాజీ. ఊరికి ఆ హక్కు లేదు."

"ఈ ఊరికి రాజు నరసింగరావు మావే," అన్నాడు బాబీ. కళ్లకి నల్లద్దాలు, మెడలో సన్నటి గొలుసు. "మరి కాజీ మీరు."

"నేను కాలేను. నేను చెప్పేది హనఫీ పద్ధతి, ముస్లిం లాలో ఒక శాఖ. శ్రీకాకుళంలో నవాబుల తరఫున ఫౌజుదార్లు ఉన్నప్పుడు నడిచింది అదే. తరవాత కంపెనీ వాళ్లు కోర్టులు పెట్టి, కొంత మార్చుకుని, చాలాకాలం దాన్నే నడిపారు. ఆ పద్ధతిలో ఆడది మిగతా తగువులు తీర్చొచ్చు గానీ, ఇలాంటి కేసులో కాజీగా కూర్చోకూడదు."

ఆడవాళ్ల వైపు నుంచి గుసగుసలు మొదలయ్యాయి. నాకూ అది చెప్పినప్పుడల్లా నోరు చేదుగానే ఉంటుంది. కానీ ఆ రోజు దేనికీ ముఖం చిట్లించే స్థితిలో లేను. "చట్టం ఏం చెబుతుందో చెప్పడానికి మాత్రం ఆడదైనా పనికొస్తుంది. వాళ్లని ముఫ్తీ అంటారు. నేను చెబుతాను. నరసింగరావుగారు తీర్పు ఇస్తారు. నేను కాదన్న చోట ఆయన ఔననకూడదు. సరేనా?"

సరేనన్నారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

"ఈ శిక్షని హద్దు అంటారు. పొలానికి హద్దని మనం అనే మాటే. గీత గీశారంటే గీశారు. రుజువయ్యాక కాజీ తగ్గించలేడు, పెంచలేడు, పాపమని వదిలెయ్యలేడు. అంత గట్టిది కాబట్టే, రుజువు అంతకన్నా గట్టిగా ఉండాలన్నారు. ఎక్కడ ఆవగింజంత అనుమానం వచ్చినా శిక్ష ఆగిపోతుంది. ఆపడానికి దారి వెతకమని కాజీకే చెప్పారు."

"దొంగని వదిలేస్తారేటి?" బాబీ లేచాడు.

"వదిలెయ్యరు. సొత్తు తిరిగి ఇప్పిస్తారు. మందలించడమో, కొన్నాళ్లు కొట్లో వెయ్యడమో, కాజీ ఇష్టం. చెయ్యి మాత్రం తియ్యరు. ఇప్పుడు చెప్పండి. గంప వెల ఎంత?"

ఆ చట్టంలో పది దిర్హాముల కన్నా తక్కువ వెల ఉంటే చెయ్యి తియ్యడం లేదు. దిర్హామంటే వెండి నాణెం. పది కలిపితే మన రెండున్నర తులాల వెండి. గంపని తూచారు. ధర దగ్గర మరిడమ్మకీ, ఇద్దరు చేపల వ్యాపారులకీ పెద్ద యుద్ధమైంది. మరిడమ్మ తన నెత్తళ్లు జిల్లాలోనే మేలు రకమంది. చట్టం ప్రకారం వెల కట్టేవాళ్లు తలోమాట అంటే తక్కువదే లెక్క అన్నాను. తక్కువది తీసుకున్నా, వెండి వెల కన్నా గంప వెలే ఎక్కువ తూగింది. బాబీ ఈల వేశాడు. ఆర్ఎంపీ రాముడు డెట్టాలు మూత తీశాడు.

గంగులు తల అడ్డంగా ఊపాడు. తువ్వాల్లోంచి ఏదో ఊ ఊ అన్నాడు.

"ఏడుస్తన్నాడు పాపం," అంది కూర్మమ్మ అనే ముసలావిడ.

"రెండోది," అన్నాను. "పోయిన సొత్తు ఏమిటి?"

"సేప!" అన్నారందరూ.

"అయితే చెయ్యి తియ్యడం లేదు. చేపకి హద్దు లేదు."

రాముడు డెట్టాలు మూత మళ్లీ బిగించాడు.

"ఏటి?" అన్నాడు నరసింగరావు.

"కట్టె, గడ్డి, పిట్ట, చేప. వీటికి ఎవరి సొంతమూ కాని చోటే పుట్టుక. సముద్రంలో ఉన్నప్పుడు ఎవరు పట్టుకుంటే వాళ్లది. అలాంటివాటి కోసం మనిషి చెయ్యి తియ్యడం తగదన్నారు. పచ్చి చేపైనా ఉప్పు చేపైనా ఒకటేనని కూడా విడిగా రాశారు."

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. చేపలు పట్టేవాళ్ల ఊళ్లో నిలబడి చేపకి విలువ లేదని చెప్పినట్టయింది. గంగులు చెయ్యి సంగతి అందరూ మర్చిపోయారు. తుఫానులో ప్రాణాలకి తెగించి తెచ్చిన చేప గడ్డితో సమానమా అని ఒకాయన నా మీదకే వచ్చాడు. అదే మేక పోతే నరుకుతారా అని అడిగారు. దొడ్లో కట్టిన మేకైతే నరకొచ్చన్నాను. మేక గలాయన ఛాతీ విరుచుకున్నాడు. అతని తమ్ముడు ఊరి వైపు తిరిగి, "మేక కన్నా మనం తక్కువేటి?" అని అడిగాడు.

"ఆ రాసినాయన సేప తిన్నాడేటి?" అంది మరిడమ్మ.

"ఆయన శిష్యుడొకాయన ఒప్పుకోలేదులే. చేపకైనా నరకాల్సిందే అన్నాడు."

"సూసినారా!" బాబీ గెంతాడు. "ఆ సిస్సుడిదే కరెట్టు! మనం సిస్సుడి పార్టీ!"

"సిస్సుడి పార్టీ! సిస్సుడి పార్టీ!" అని ఊరు ఊరంతా అరిచింది. ఎలక్షన్లలో కూడా అంత ఐకమత్యం చూడలేదని భారతి నా చెవిలో అంది.

"గురువుకీ శిష్యుడికీ తేడా వచ్చిందంటే అదే అనుమానం. అనుమానం వచ్చిందంటే హద్దు లేదు," అన్నాను. వినలేదు. చేపల పరువు దక్కాలంటే గంగులు చెయ్యి పోవలసిందేనన్న దగ్గరికి వచ్చేశారు. సరే, మీ మాటే గెలిచిందనుకోండి, మూడోది చూద్దామన్నాను.

గాలి పూర్తిగా ఆగిపోయింది. చెమట కారిపోతోంది. ఎదురుగా ఒడ్డు పొడుగునా ఊరందరి నెత్తళ్లూ ఆరబోసి ఉన్నాయి. ఇసక తెల్లగా మెరుస్తోంది. గంగులు ఒక చెయ్యెత్తి పైకి చూపించాడు.

"దేవుడి మీద ఒట్టంటన్నాడు," అన్నారెవరో.

"ఉండవయ్యా గంగులూ, నీ వంతు వస్తుంది," అన్నాను. "మూడోది, ఆ సొత్తు కాపుదలలో ఉండాలి. అంటే ఇంట్లోనో, తాళం వేసిన గదిలోనో, లేదా పక్కన మనిషి కాపలా ఉండాలి. గంప ఎక్కడుంది?"

"ఇసక మీద," అంది మరిడమ్మ. "ఎండబెట్టి, గంపకెత్తి, పూండి సంతకెల్లి రేటు అడిగొద్దారని ఎల్లినాను."

"కాపలా?"

"కుక్క ఉన్నాది."

"కుక్క కాపలా కాదు."

"అమ్మగారూ, నా కుక్కని మీరెరగరు," అంది మరిడమ్మ. దాని గుణగణాలు వివరించడం మొదలెట్టింది. అదే సమయానికి ఆ కుక్క షెల్టరులోకి వచ్చి, సాక్ష్యం గంపలో మూతి పెట్టి, ఒక నెత్తలి పట్టుకుని వెళ్లిపోయింది. దానిమీద కేసు పెట్టమని ఎవరూ అడగలేదు.

"ఇంక సాచ్చులు!" బాబీ తొందరపెట్టాడు. "నానున్నాను. నా రెండు కళ్లతో సూసినాను."

"మంచిది. ఇద్దరు మగవాళ్లు కావాలి. ఇద్దరూ తియ్యడం చూసి ఉండాలి."

"నాను సూసినాను!" కూర్మమ్మ ముందుకొచ్చింది. "గంప ఎత్తడం నానే సూసినాను, ఈ బాబీగాడు తరవాత వచ్చినాడు."

"హద్దు కేసులో ఆడవాళ్ల సాక్ష్యం పనికిరాదు అవ్వా."

"ఏటీ?" కూర్మమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "ఆడి అమ్మకి పురుడు పోసింది నాను. ఆడు మగోడని మొదట సూసినది నాను. ఇప్పుడాడు పనికొస్తాడు, నా కళ్లు పనికిరావా?"

ముప్ఫై ఏళ్లలో ఏ విద్యార్థీ నన్ను ఇంత సూటిగా అడగలేదు. ఆ నియమం ఆ ఒక్క పూటకి ఒక మనిషి చేతిని కాస్తోంది కాబట్టి తలొంచుకుని ఊరుకున్నాను.

"బాబీ, నువ్వేం చూశావు?"

"గంగులు మావ గంప నెత్తినెట్టుకుని ఎల్తన్నాడు."

"ఎత్తడం చూశావా?"

"ఎల్తన్నాడంటే ఎత్తినట్టే కదేటి!"

"కాదు. ఎక్కడ తీశాడు, ఎప్పుడు తీశాడు, ఎలా తీశాడు, ఎవరిది తీశాడు, అన్నీ అడగాలి. మోసుకెళ్లడం చూశానంటే ఆ మాట వరకే. సాక్షికి ఇంకో వెసులుబాటు కూడా ఉంది. దొంగిలించాడు అనకుండా తీశాడు అని మాత్రమే అంటే మంచిదన్నారు. సొత్తు గలవాళ్లకి సొత్తు దక్కుతుంది, ఆ మనిషికి చెయ్యి దక్కుతుంది."

"అలాంటి సాచ్చి ఎందుకు?" బాబీ నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరి గల్ఫులో ఎలా నరుకుతన్నారు?"

"నువ్వు చూశావా?"

"రూమ్మేటు సెప్పినాడు."

"రూమ్మేటు చూశాడా?"

"ఆడికి ఎవులో సెప్పినారు."

ఊరు బాబీ వైపు తిరిగింది. నరసింగరావు మొహంలో మొదటిసారి కాస్త రంగు వచ్చింది. "నాను సూసినాను, ఎత్తడం," అని వెనక నుంచి సూరయ్య అనే ఆయన చెయ్యెత్తకపోతే అక్కడితో ముగిసిపోయేదేమో.

"సాక్షి నీతిమంతుడై ఉండాలి," అన్నాను. "అతని నడవడి గురించి కాజీ ఊళ్లో చాటుగా వాకబు చెయ్యాలి, తరవాత అందరి ముందూ చెయ్యాలి. తాగకూడదు. అబద్ధం ఆడకూడదు."

సూరయ్య చెయ్యి దానంతట అదే దిగిపోయింది. వాకబు చెయ్యాల్సిన పని లేకపోయింది, వాసనే చెబుతోంది.

"ఒరే, తాగనోడూ అబద్ధమాడనోడూ ఎవులున్నారు?" నరసింగరావు ఊరంతటినీ అడిగాడు.

ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఎవరో రాముడి పేరు చెప్పారు. రాముడు ఇచ్చిన జ్వరం సర్టిఫికెట్ల సంగతి ఇంకెవరో ఎత్తారు. రాముడు దూది మీద దృష్టి పెట్టాడు. మేక గలాయన పదేళ్లుగా నోట అబద్ధం రాలేదన్నాడు. మేకతో ఏమాడాడో ఎవరికి తెలుసని తమ్ముడు గాల్లోకి అన్నాడు.

"అయినా," భారతి అందుకుంది, "దొంగతనం జరుగుతుంటే చూస్తూ ఆపకుండా నిలబడ్డవాడు నీతిమంతుడెలా అవుతాడు?" ఈ ప్రశ్న ఆ పిల్ల పరీక్షలో రాసి ఉంటే నేను తప్పించేదాన్ని కాదు.

ఊరికి ఉక్రోషం వచ్చింది. వలమీద ఒట్టేసుకుని తెచ్చుకున్న చట్టం తమ చేతికి చిక్కట్లేదు. గదిలో పెట్టి తాళం వేసిన బంగారం, ఇద్దరు పుణ్యాత్ములు కిటికీలోంచి చూస్తుండగా, దొంగ తీరిగ్గా పట్టుకుపోతే తప్ప పని జరగదని అర్థమైంది. అలాంటి దొంగతనం ఒకటి మనమే దగ్గరుండి చేయిస్తే ఎలా ఉంటుందని కూడా ఒకాయన అడిగాడు.

అప్పుడు గంగులు రెండు చేతులూ ఎత్తి పైకి చూపించాడు. గంపని చూపించాడు. తన ఛాతీ మీద కొట్టుకున్నాడు. మళ్లీ పైకి చూపించి, తల గట్టిగా ఊపాడు. కళ్లలో నీళ్లు.

"ఒప్పుకున్నాడు!" బాబీ అరిచాడు. "గంప, నాను, తల ఊపినాడు. సాచ్చులెందుకింక? ఒప్పుకున్నాడు!"

ఊరు హోరెత్తింది. ఒప్పుకోలు ఉంటే సాక్షుల్లేకపోయినా నడుస్తుంది. నరసింగరావు తెల్లబోయి నా వైపు చూశాడు. ఎవరో కత్తి తీసి అతని చేతిలో పెట్టారు. ఆటో స్టార్టు చేసిన చప్పుడైంది.

"ఆగండి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సైగ పనికిరాదు! మూగవాడు సైగతో ఒప్పుకున్నా హద్దు లేదు. సైగకి ఎన్ని అర్థాలైనా ఉంటాయి. నోటితో చెప్పాలి. చెప్పే ముందు కాజీ అతనితో, నువ్వు దొంగిలించి ఉండవులే అని అనాలి. ఒప్పుకున్నాక కూడా, కత్తి ఎత్తాక కూడా, కాదంటే వదిలెయ్యాలి. నరసింగరావుగారూ, ఆ తువ్వాలు తీయించండి!"

నరసింగరావు కత్తి కింద పడేసి, తనే వెళ్లి గంగులు నోట్లోంచి తువ్వాలు లాగి అతని భుజం మీద వేశాడు. "ఒరే గంగులూ, నువ్వు దొంగతనం సేసుండవు కదరా?" అన్నాడు. చట్టం అలా అడగమంది కాబట్టి అడిగాడో, అడగకుండా ఉండలేక అడిగాడో నాకు తెలీదు.

గంగులు దవడ కదిపాడు.

"వాన!" అన్నాడు. "వాన వస్తన్నాది! పొద్దుట్నించి సెప్తన్నాను గదరా! సేపలెత్తండి!"

అందరం ఒక్కసారి తూర్పుకి తిరిగాం. సముద్రం మీద మబ్బు సగం ఆకాశం తినేసి, ఒడ్డుకి వచ్చేసింది.

"నిన్నా మబ్బేసింది. ఈ మరిడమ్మ సంతలో ఉన్నాది. తడిసిపోతాదని గంప ఇక్కడికే తెస్తన్నాను, షెల్టరు కిందకి. ఈ బాబీగాడు పట్టుకున్నాడు. నిన్న వాన కురవనేదు, నాను దొంగనైపోనాను."

"మరి సెప్పలేదేటి?" అన్నాడు బాబీ.

"పట్టుకున్న ఎంటనే తువ్వాలు నోట్లో కుక్కినావు గదరా!"

ఆ తరవాత ఎవరూ ఎవరి మాటా వినలేదు. చినుకులు రాళ్లలా పడ్డాయి. ఊరు ఊరంతా ఇసక మీదకి పరిగెత్తింది. గోనెలు, చీరలు, పట్టాలు, చేతికి దొరికినవన్నీ కప్పారు. బాబీ నల్లద్దాలు ఎవరో తొక్కేశారు. ఆటో గాయన ఆస్పత్రికి వేసిన పరుపు తెచ్చి నెత్తళ్ల మీద వేశాడు. ప్రయోజనం లేకపోయింది. మేం ఎంతసేపు చట్టం మాట్లాడామో అంతసేపూ మబ్బు వస్తూనే ఉంది. ఆ వారం పట్టిన చేపంతా నీటిపాలైంది.

ఊరు మొత్తంలో తడవకుండా మిగిలింది బల్ల మీది గంప ఒక్కటే.

నాకు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. చట్టంలో ప్రతి తలుపూ తెరిచి చూపించాను. అసలు మనిషిని ఏం జరిగిందని మొదట్లోనే అడగమనడం నాకే తోచలేదు. వెళ్లి గంగులు పక్కన నిలబడ్డాను. క్షమించమన్నాను. ఆయన నా వైపు చూడలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని వానని చూస్తున్నాడు.

ఒక్కొక్కళ్లే తడిసి ముద్దై తిరిగొచ్చారు. నరసింగరావు దుంగని కాలితో తన్ని పక్కకి దొర్లించి, గంగులు ముందు నేల మీద కూలబడ్డాడు. కూర్మమ్మ బాబీని పట్టుకుని, పనికిరాని తన కళ్లతో ఏమేం చూసిందో, వాడి చిన్నప్పటి నుంచి మొదలెట్టింది.

మరిడమ్మ జుట్టు పిండుకుంటూ వచ్చింది. గంప వైపు చూసి, గంగులు వైపు చూసి, గట్టిగా ఏడ్చేసింది.

"మావా, తప్పైపోనాది. నా నోరు పడిపోనూ. దా మావా, ఆ గంప అందుకుని మా ఇంటికి రా. ఇయ్యాల్టి నించి నీ కూడు మా ఇంట్లోనే."

గంగులు కదల్లేదు.

"దా మావా. నెత్తికెత్తుకో. నానే కదా ఇత్తన్నాను."

"ఇద్దర్ని పిలు," అన్నాడు గంగులు.

"ఎవుల్ని?"

"మగోళ్లని. తాగనోళ్లు, అబద్ధమాడనోళ్లు. నువ్వే ఇచ్చినావని ఆళ్లు సూడాల. అప్పుడు ముట్టుకుంతాను."

కొందరు నవ్వారు. గంగులు నవ్వలేదు. నవ్వినవాళ్లు ఆగిపోయి, నేల చూశారు. నరసింగరావు తలెత్తి ఊరంతటినీ కలయజూశాడు. ఎవరూ ముందుకి రాలేదు.

మరిడమ్మ కాసేపు చూసి, గంప తనే నెత్తిన పెట్టుకుని వానలోకి నడిచింది. గంప మీద కప్పడానికి ఏమీ లేదు. గంగులు భుజం మీది తువ్వాలు తీసి రెండడుగులు ముందుకేశాడు. ఆగాడు. చుట్టూ ఉన్న మా అందరి మొహాలూ చూసి, తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.